ద్రవ్యోల్బణం, వడ్డీ రేటు, నిరుద్యోగం: వారాల తరబడి పేరుకున్న స్లైడ్లను ఒకే పటంలోకి తేవడం ఎలా

స్థూల ఆర్థికశాస్త్రం కోర్సులో ద్రవ్యోల్బణం ఒక వారం వస్తుంది, వడ్డీ రేటు ఇంకో వారం, నిరుద్యోగం మరో వారం. పరీక్షలో మాత్రం మూడూ ఒకే ప్రశ్నలో కూర్చుంటాయి. నేను మొదటిసారి వీటిని కలుపుతూ గీసిన పటం ఒక త్రిభుజం. మూడు మూలల్లో మూడు పేర్లు, వాటి మధ్య రెండు వైపులా మొనలున్న బాణాలు. చూడటానికి ముచ్చటగా ఉంది. పక్కన కూర్చున్న మిత్రుడు "వడ్డీ పెరిగితే ద్రవ్యోల్బణం పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగాడు. పటంలో వెతికితే రెండు జవాబులూ దొరికాయి. అంటే ఒక్కటీ దొరకనట్టే.

ఆ త్రిభుజంలో లోపం ఏమిటో తర్వాత అర్థమైంది. ఈ మూడింటిలో ఏ రెండింటి సంబంధమూ ఒకే నేరు బాణంతో తేలదు. కొన్ని జంటల మధ్య దారి మూడు నాలుగు మజిలీల గుండా వెళుతుంది. ఒక జంట మధ్యనైతే వేర్వేరు కారణాలతో, వేర్వేరు దిశల్లో నడిచే మూడు దారులున్నాయి. పటం గీయడమంటే ఆ మజిలీలను, ఆ దారులను విడదీయడమే. కింద చెప్పే పద్ధతికి ఒక పెద్ద కాగితం, పెన్సిలు, రబ్బరు, చిన్న చీటీల కట్ట చాలు. కంప్యూటర్‌లో గీయాలనుకున్నా మొదటి చిత్తుప్రతి కాగితం మీదే చేయండి. చెరపడం ఎక్కువ ఉంటుంది.

ముందు ప్రశ్న రాయండి

భావనలను గడుల్లో రాసి బాణాలతో కలిపే కాన్సెప్ట్ మ్యాప్ పద్ధతిని 1970లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం రూపొందించింది. అందులో రెండు నియమాలు మనకు పనికొస్తాయి. పటానికి ఒక కేంద్ర ప్రశ్న ఉండాలి. ప్రతి బాణం మీద మాటలుండాలి, ఆ మాటలతో కలిపి చదివితే రెండు గడులూ ఒక పూర్తి వాక్యం కావాలి.

కాగితం పైన ఈ ప్రశ్న రాయండి: "కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచితే ద్రవ్యోల్బణం ఏ దారిన తగ్గుతుంది, ఆ దారిలో ఉద్యోగాలకు ఏమవుతుంది?" ఈ ప్రశ్న ఎందుకంటే మూడు పేర్లూ ఇందులో ఉన్నాయి, పైగా ఒక దిశ ఉంది. "మూడింటి మధ్య సంబంధం వివరించండి" అని రాసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఏ స్లైడు వదిలేయాలో అసలే తెలియదు.

ఒక స్లైడు, ఒక వాక్యం

ఇప్పుడు స్లైడ్లన్నీ తెరిచి, ఒక్కొక్క దాని నుంచి ఒక్క వాక్యం చీటీ మీదికి ఎక్కించండి. ఆ వాక్యం "ఇది పెరిగితే అది పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఎందుకంటే..." అనే రూపంలోనే ఉండాలి. మూలలో వారం, స్లైడు సంఖ్య వేయండి. నాలుగో వారం పన్నెండో స్లైడైతే 4-12. రేపు ఒక బాణం మీద అనుమానం వస్తే వెనక్కి వెళ్లడానికి ఇదే ఆధారం.

చాలా స్లైడ్ల నుంచి అలాంటి వాక్యం రాదు. నిర్వచనాలు, కొలతలు, బీజగణితం మధ్య మెట్లు, పటాలు లేని పట్టికలు ఇవన్నీ ఒక పక్కన పెట్టండి. పారేయకండి. ఆ పక్కన పెట్టిన కట్టతో చివర్లో పని పడుతుంది. ఉదాహరణకు, ఖాళీగా ఉన్న ఉద్యోగాలకూ నిరుద్యోగానికీ మధ్య సంబంధం చూపే బెవరిడ్జ్ రేఖ స్లైడును నేను ఎప్పుడూ మొదటి విడతలో పక్కనే పెట్టేస్తాను. మన ప్రశ్నకు అది నేరుగా జవాబు చెప్పడం లేదు.

ఒక స్లైడును దగ్గరగా చూద్దాం. ద్రవ్య మార్కెట్ వారంలో సాధారణంగా ఈ సమీకరణం ఉంటుంది:

M/P = L(Y, i)

ఇందులో M డబ్బు మొత్తం, P ధరల స్థాయి, Y ఉత్పత్తి, i వడ్డీ రేటు, L జనం చేతిలో ఉంచుకోవాలనుకునే డబ్బు. దీన్ని వాక్యంగా మారిస్తే: "డబ్బు మొత్తం మారకుండా ధరల స్థాయి పెరిగితే, చేతిలో ఉన్న డబ్బు విలువ తగ్గి వడ్డీ రేటు పెరుగుతుంది." రాసేటప్పుడు "డబ్బు మొత్తం మారకుండా" అనే షరతు చాలామంది చీటీలో రాదు. అది లేకపోతే నాలుగు వారాల తర్వాత వచ్చే స్లైడుతో ఈ చీటీ తగువు పడుతుంది. ఆ స్లైడులో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును తానే నిర్ణయిస్తుంది, డబ్బు మొత్తం దాన్ని అనుసరించి మారుతుంది. ఒక చోట డబ్బు స్థిరం, వడ్డీ కదులుతుంది. ఇంకో చోట వడ్డీ స్థిరం, డబ్బు కదులుతుంది. రెండింటినీ ఒకే పటంలో పెట్టలేం. ఈనాడు చాలా కేంద్ర బ్యాంకులు నడిచేది రెండో పద్ధతిలో కాబట్టి దాన్ని పటంలో ఉంచి, మొదటిదాన్ని అంచున చిన్న అక్షరాలతో రాసుకోవడం నా అలవాటు.

ఒకే పేరుతో తిరుగుతున్న వాటిని పట్టుకోండి

చీటీలన్నీ పరిచాక బాణాలు గీయాలని చెయ్యి దురదపెడుతుంది. ఆగండి. పటాల్లో తప్పుల్లో సగానికి పైగా ఈ దశలోనే పుడతాయని నా అనుభవం.

"వడ్డీ రేటు" అన్న మాట ఎన్ని చీటీల మీద ఉందో చూసి, ప్రతి చోటా అది ఏ వడ్డీ రేటో పక్కన రాయండి. కనీసం రెండు తేలుతాయి. కేంద్ర బ్యాంకు ప్రకటించేది కీలక వడ్డీ రేటు, అది నామమాత్రపు రేటు, స్లైడ్లలో i. పెట్టుబడి పెట్టేవాడు లెక్క చూసుకునేది వాస్తవ వడ్డీ రేటు, అంటే r. రెండింటినీ కలిపేది ఫిషర్ సమీకరణం:

r = i − πᵉ

ఇందులో πᵉ అంటే రాబోయే ద్రవ్యోల్బణం మీద జనం పెట్టుకున్న అంచనా. వస్తు మార్కెట్‌నూ ద్రవ్య మార్కెట్‌నూ కలిపి చూపే మొదటి వారాల ఐఎస్-ఎల్‌ఎం స్లైడ్లలో ధరలు మారవు కాబట్టి i, r ఒకటే. అందుకే అక్కడ ఒకే అక్షరం వాడతారు. తర్వాతి వారాల్లో అవి విడిపోతాయి, కానీ ఎవరూ వెనక్కి వెళ్లి పాత స్లైడ్లు దిద్దరు. ఆ పని మీరు చేయాలి: పెట్టుబడి గురించి ఉన్న ప్రతి చీటీ మీద i కొట్టేసి r రాయండి.

ద్రవ్యోల్బణం సంగతీ ఇంతే. P అనేది ధరల స్థాయి, π అనేది ఆ స్థాయి పెరిగే వేగం. ద్రవ్యోల్బణం 8 నుంచి 3 శాతానికి తగ్గితే ధరలు తగ్గలేదు, నెమ్మదిగా పెరుగుతున్నాయంతే. గడిలో "ధరలు" అని రాసిన పటం ఈ తేడాను మింగేస్తుంది. ఇక నిరుద్యోగం విషయంలో, నిరుద్యోగాన్ని ద్రవ్యోల్బణంతో కలిపే ఫిలిప్స్ రేఖ చీటీ మీద ఉండాల్సింది నిరుద్యోగ రేటు కాదు, దానికీ సహజ నిరుద్యోగ రేటుకూ, అంటే ఆర్థిక వ్యవస్థ మామూలుగా నడుస్తున్నప్పుడు కూడా ఉండే నిరుద్యోగానికీ, మధ్య ఉన్న అంతరం.

ఇది అయ్యేసరికి మూడు పేర్లు ఆరేడు గడులవుతాయి: కీలక వడ్డీ రేటు, వాస్తవ వడ్డీ రేటు, పెట్టుబడి-వినియోగం, ఉత్పత్తి, నిరుద్యోగ అంతరం, ద్రవ్యోల్బణం, అంచనా ద్రవ్యోల్బణం.

వెన్నెముక గీయండి

కాగితం ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో మొదటి ఆరు గడులు వేయండి. అంచనా ద్రవ్యోల్బణాన్ని కింద, మధ్యలో పెట్టండి. దాని నుంచి రెండు పక్కలకూ బాణాలు వెళతాయి.

ప్రతి బాణానికీ ఒక గుర్తు ఇవ్వండి. రెండూ ఒకే దిశలో కదిలితే కూడిక, ఎదురు దిశల్లో కదిలితే తీసివేత. కీలక రేటు పెరిగితే, అంచనాలు కదలనంత కాలం, వాస్తవ రేటు పెరుగుతుంది: కూడిక. వాస్తవ రేటు పెరిగితే అప్పు భారమై పెట్టుబడి, ఇళ్లు, కార్ల వంటి వాటి మీద ఖర్చు తగ్గుతుంది: తీసివేత. ఖర్చు తగ్గితే ఉత్పత్తి తగ్గుతుంది, ఇక్కడే గుణకం స్లైడు వచ్చి చేరుతుంది: కూడిక. ఉత్పత్తి తగ్గితే నిరుద్యోగం పెరుగుతుంది, ఇది 1962లో ఆర్థర్ ఓకున్ చూపించిన సంబంధం: తీసివేత. నిరుద్యోగ అంతరం పెరిగితే జీతాల ఒత్తిడి తగ్గి ద్రవ్యోల్బణం తగ్గుతుంది: తీసివేత.

ఓకున్ బాణం మీద ఒక అంకె కూడా రాయండి. అమెరికా లెక్కల్లో, ఉత్పత్తి వృద్ధి మామూలు కంటే ఒక శాతం ఎక్కువగా ఒక ఏడాది నడిస్తే నిరుద్యోగం తగ్గేది సుమారు 0.4 నుంచి 0.5 శాతం పాయింట్లు మాత్రమే. ఒకటికి ఒకటి ఎందుకు కాదంటే, పని పెరిగినప్పుడు సంస్థలు ముందు ఉన్నవాళ్ల చేత ఎక్కువ గంటలు చేయిస్తాయి. పైగా ఉద్యోగాలు దొరుకుతున్నాయని తెలిసి, అప్పటిదాకా వెతకడం మానేసినవాళ్లు మళ్లీ శ్రామిక శక్తిలోకి వస్తారు. రెండో కారణం కొలతల వారం నుంచి వస్తుంది: వెతకనివాడు నిరుద్యోగి లెక్కలోకి రాడు. ఒక నిర్వచనం స్లైడు బాణానికి కారణంగా మారడం ఇక్కడ చూస్తున్నారు. పక్కన పెట్టిన కట్టలోంచి దాన్ని తీసి బాణం పక్కన అతికించండి.

చివరి బాణం, అంటే నిరుద్యోగ అంతరం నుంచి ద్రవ్యోల్బణానికి వెళ్లేది, కొంచెం నిదానంగా గీయాలి. స్లైడులో ఇలా ఉంటుంది:

π = πᵉ − α(u − uₙ)

ఇందులో u నిరుద్యోగ రేటు, uₙ సహజ నిరుద్యోగ రేటు, α అంతరం ద్రవ్యోల్బణాన్ని ఎంత గట్టిగా లాగుతుందన్నది. న్యూజీలాండ్‌లో పుట్టిన ఎ.డబ్ల్యు. ఫిలిప్స్ 1958లో బ్రిటన్‌కు చెందిన 1861-1957 మధ్య లెక్కలతో గీసిన అసలు రేఖలో πᵉ లేదు. అది నిరుద్యోగానికీ జీతాల పెరుగుదలకూ మధ్య సంబంధం. అంచనాలను చేర్చాల్సిందేనని ఆ తర్వాత ఎడ్మండ్ ఫెల్ప్స్, మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1960ల చివర్లో వాదించారు. మీ స్లైడ్లలో రెండు రేఖలూ వరుసగా ఉండి ఉంటాయి. పటంలోకి రెండోదే తీసుకోండి.

అంకెలు పెట్టి చూడండి. జనం అంచనా పోయిన ఏడాది ద్రవ్యోల్బణమే అనుకుందాం, అది 6 శాతం. సహజ నిరుద్యోగం 5, ఇప్పటి నిరుద్యోగం 7, α విలువ 0.5. అయితే ఈ ఏడాది ద్రవ్యోల్బణం 6 − 0.5 × 2, అంటే 5. నిరుద్యోగం ఇంకో ఏడాది 7 దగ్గరే ఉంటే 4. మూడో ఏడు నిరుద్యోగం తిరిగి 5కు వచ్చేసింది. ద్రవ్యోల్బణం ఎంత? చాలామంది 6 అంటారు, నిరుద్యోగం పాత చోటికి వచ్చింది కాబట్టి ద్రవ్యోల్బణమూ పాత చోటికి వస్తుందని. కానీ అంతరం సున్నా, అంచనా 4. కాబట్టి ద్రవ్యోల్బణం 4 దగ్గరే ఆగుతుంది. ఈ రకం అంచనాలున్నప్పుడు అంతరం నిర్ణయించేది ద్రవ్యోల్బణం ఎంత అన్నది కాదు, ఎంత మారుతుందన్నది. బాణం మీద "తగ్గిస్తుంది" అని కాక "పోయిన ఏటి కంటే తగ్గిస్తుంది" అని రాయండి. ఆ మూడు మాటలతో ఈ లెక్కంతా పటంలోకి వచ్చేస్తుంది.

ఇక కాలం. కీలక రేటు మార్పు ఉత్పత్తి మీద పూర్తిగా కనిపించడానికి సుమారు ఏడాది, ద్రవ్యోల్బణం మీద కనిపించడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుందని సాధారణంగా అనుకునే లెక్క. ఈ ఆలస్యాలు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి కాబట్టి అంకెలను బాణం కింద పెన్సిలుతోనే రాయండి.

ఒకే జంట మధ్య మూడు దారులు

ఇప్పుడు నా త్రిభుజాన్ని చెడగొట్టిన చోటికి వచ్చాం. ద్రవ్యోల్బణానికీ వడ్డీ రేటుకూ మధ్య ఉన్న చీటీలన్నీ ఒక చోట చేర్చండి. కొన్ని కూడిక అంటాయి, కొన్ని తీసివేత అంటాయి. ఏదో ఒకటి తప్పని కొట్టేయకండి, అన్నీ సరైనవే. ఎవరు కదిలితే ఎవరు కదులుతున్నారో అడగండి.

మొదటి దారి కీలక వడ్డీ రేటు నుంచి ద్రవ్యోల్బణానికి. గుర్తు తీసివేత, కానీ నేరు బాణం లేదు. అది మీరు ఇప్పటికే గీసిన వెన్నెముకే. రెండో దారి ద్రవ్యోల్బణం నుంచి కీలక రేటుకు. గుర్తు కూడిక. ఇది మార్కెట్లో జరిగేది కాదు, ఒక సమావేశంలో కొందరు కూర్చుని తీసుకునే నిర్ణయం. అందుకే దీన్ని వేరే రంగుతో గీయండి. జాన్ టేలర్ 1993లో ఈ నిర్ణయాన్ని ఒక సూత్రంగా రాశారు. మూడో దారి అంచనా ద్రవ్యోల్బణం నుంచి మార్కెట్లోని దీర్ఘకాల నామమాత్రపు వడ్డీకి. దీని గుర్తూ కూడికే. పదేళ్లకు అప్పిచ్చేవాడు ఆ పదేళ్లలో డబ్బు విలువ ఎంత కరుగుతుందో చూసుకుని అంత అదనంగా అడుగుతాడు. దీనికి పటంలో "దీర్ఘకాల వడ్డీ" అనే చిన్న గడి చేర్చాల్సి రావచ్చు. మన ప్రశ్నకు అది లేకపోయినా నడుస్తుంది.

ఈ మూడూ కలిసిపోతే ఏమవుతుందో ఒక స్లైడులో కనిపిస్తుంది. దేశాల వారీగా ద్రవ్యోల్బణం ఒక అక్షం మీద, వడ్డీ రేటు ఇంకో అక్షం మీద పెట్టి చుక్కలు వేస్తే అవి పైకి ఎగబాకుతాయి. అధిక ద్రవ్యోల్బణం ఉన్న చోట అధిక వడ్డీ. దాన్ని చూసి వడ్డీ పెంచితే ద్రవ్యోల్బణం పెరుగుతుందని రాసినవాళ్లున్నారు. జ్వరం ఉన్న ఇంట్లో మందు సీసాలు ఎక్కువుంటాయి కాబట్టి మందు వల్లే జ్వరం వచ్చిందన్నట్టు ఉంటుందది. చుక్కల్లో కనిపిస్తున్నవి రెండో దారి, మూడో దారి. మొదటిది అక్కడ కనిపించదు.

చుట్టు తిరిగి వచ్చే దారులను లెక్కపెట్టండి

రెండో దారి గీయగానే వెన్నెముక వలయమైంది. వలయం మీద వేలు పెట్టి తిరుగుతూ తీసివేత గుర్తులు లెక్కించండి. బేసి సంఖ్య వస్తే ఆ వలయం తనను తాను అదుపు చేసుకుంటుంది. సరి సంఖ్య వస్తే, లేదా తీసివేతలే లేకపోతే, తనను తాను పెంచుకుంటూ పోతుంది.

ద్రవ్యోల్బణం నుంచి కీలక రేటు కూడిక, అక్కడి నుంచి వాస్తవ రేటు కూడిక, ఖర్చు తీసివేత, ఉత్పత్తి కూడిక, నిరుద్యోగం తీసివేత, తిరిగి ద్రవ్యోల్బణం తీసివేత. మూడు తీసివేతలు, బేసి. పెరిగిన ద్రవ్యోల్బణం చుట్టూ తిరిగొచ్చి తననే తగ్గించుకుంటోంది. కేంద్ర బ్యాంకు ఉద్దేశం ఇదే. ఇక్కడ సరి సంఖ్య వచ్చిందంటే ఏదో ఒక గుర్తు తప్పు వేశారు. ఎక్కువగా తప్పేది ఓకున్ బాణం దగ్గర.

ఇప్పుడు కింద ఉన్న అంచనా గడిని కలపండి. ద్రవ్యోల్బణం పెరిగితే అంచనా పెరుగుతుంది, కూడిక. అంచనా పెరిగితే జీతాలు, ధరలు ముందే పెంచుతారు కాబట్టి ద్రవ్యోల్బణం పెరుగుతుంది, కూడిక. ఇది పెరుగుతూ పోయే వలయం. ఇంకో బాణం కూడా ఉంది, అదే చాలా పటాల్లో ఉండదు: అంచనా పెరిగితే వాస్తవ వడ్డీ తగ్గుతుంది, తీసివేత. ఫిషర్ సమీకరణంలోని ఆ తీసివేత గుర్తే.

ఆ బాణం ఎంత పని చేస్తుందో చూడండి. కీలక రేటు 4, అంచనా ద్రవ్యోల్బణం 3. వాస్తవ రేటు 1. కేంద్ర బ్యాంకు రేటును 5కు పెంచింది, వార్తల్లో "వడ్డీ రేట్ల పెంపు" అని వచ్చింది. ఈలోగా అంచనా 5కు చేరింది. వాస్తవ రేటు సున్నా. పెంచామని చెప్పిన రోజున అప్పు చవకైంది. త్రిభుజం పటంలో ఈ సంగతి చెప్పడానికి చోటే లేదు, ఈ పటంలో రెండు బాణాలు ఒకే గడిలోకి వచ్చి ఏది బలమైనదో అడుగుతాయి.

ఆ ప్రశ్నకు జవాబు టేలర్ సూత్రంలో ఉంది. y అంటే ఉత్పత్తి తన మామూలు స్థాయికి ఎంత శాతం ఎడంగా ఉందన్నది:

i = π + 2 + 0.5(π − 2) + 0.5y

y సున్నా అనుకోండి. ద్రవ్యోల్బణం 2 అయితే i విలువ 4. ద్రవ్యోల్బణం 4 అయితే i విలువ 7. ద్రవ్యోల్బణం రెండు పాయింట్లు పెరిగితే రేటు మూడు పాయింట్లు పెరిగింది. అంచనా ద్రవ్యోల్బణంతో పాటే కదిలినా వాస్తవ రేటు 2 నుంచి 3కు పెరుగుతుంది. అదే రేటును ఒక్క పాయింటే పెంచి ఉంటే వాస్తవ రేటు తగ్గేది, అప్పుడు వలయంలో ఒక గుర్తు తిరగబడి తీసివేతలు నాలుగయ్యేవి, అదుపు చేసే వలయం కాస్తా ఎగదోసే వలయం అయ్యేది. ద్రవ్యోల్బణం నుంచి కీలక రేటుకు వెళ్లే బాణం మీద "ఒకటికి ఒకటి కంటే ఎక్కువ" అని రాయండి. పటం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన నాలుగు మాటలు అవి.

జరిగిన కథలతో పరీక్షించండి

పటం సరిగా ఉందో లేదో గీత అందంగా ఉండటం బట్టి తెలియదు. చరిత్రలో జరిగినదాన్ని వేలితో నడిపించి చూడాలి.

ముందు సులువైనది. 1979 ఆగస్టులో పాల్ వోల్కర్ అమెరికా ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు చేపట్టారు. 1980లో అక్కడి వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం సగటున 13.5 శాతం. 1981లో కీలక రేటు ఒక దశలో 19 శాతం దాటింది. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. 1983లో ద్రవ్యోల్బణం 3 శాతం చిల్లర. కీలక రేటు గడి మీద వేలు పెట్టి కుడికి నడవండి. ప్రతి గడిలో జరిగింది వరుసగా, ఆలస్యాలతో సహా సరిపోతుంది. 19 శాతం కూడా ఎందుకు అవసరమైందో అంచనా గడి చెబుతుంది: అంచనాలే రెండంకెల్లో ఉంటే వాస్తవ రేటును గట్టిగా పెంచడానికి నామమాత్రపు రేటు అక్కడిదాకా పోవాల్సిందే.

రెండోది 1973 అక్టోబరు తర్వాత. చమురు ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైంది. 1974లో అమెరికా ద్రవ్యోల్బణం 11 శాతం, 1975 మే నాటికి నిరుద్యోగం 9 శాతం. వెన్నెముక మీద ఎక్కడ వేలు పెట్టి మొదలుపెడతారు? ఖర్చు గడిని పెంచితే ద్రవ్యోల్బణం పెరుగుతుంది కానీ నిరుద్యోగం తగ్గుతుంది. ఖర్చును తగ్గిస్తే నిరుద్యోగం పెరుగుతుంది కానీ ద్రవ్యోల్బణం తగ్గుతుంది. ఒకే దెబ్బకు రెండూ పెరిగే చోటు వెన్నెముకలో లేదు. అంటే ఒక గడి లోటు. "సరఫరా దెబ్బ" అని పైన ఒక గడి వేసి, దాని నుంచి ద్రవ్యోల్బణానికి కూడిక, ఉత్పత్తికి తీసివేత బాణాలు గీయండి. సమష్టి సరఫరా రేఖ ఎడమకు జరిగే స్లైడు మీ దగ్గర ఉంటుంది, అది చేరాల్సిన చోటు ఇదే. పటం కథ చెప్పలేకపోయినప్పుడు బాణాల గుర్తులు మార్చి సర్దుబాటు చేయాలనిపిస్తుంది. ముందు గడి తప్పిపోయిందేమో చూడండి.

ఈ దశలో పటాన్ని మరో కాగితం మీదికి శుభ్రంగా ఎక్కించండి. రెండు బాణాలు ఒకదాన్నొకటి దాటే చోట్లు తగ్గేలా గడులు జరుపుకోండి. పదికి మించి గడులుంటే ఏదో ఒకటి వివరం, భావన కాదు.

మూడో కథ దగ్గర పటం తడబడుతుంది. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి వెళ్లింది. అదే ఏడు మార్చి నుంచి 2023 జూలై లోగా ఫెడరల్ రిజర్వ్ కీలక రేటును సున్నా దగ్గర నుంచి 5.25-5.50 శాతానికి పెంచింది. 2023 జూన్‌కు ద్రవ్యోల్బణం 3 శాతానికి దిగింది. వెన్నెముక ప్రకారం నిరుద్యోగం బాగా పెరగాలి. 2023 అంతా అది 4 శాతం దాటలేదు.

కొంత జవాబు ఇప్పటికే ఉన్న గడుల్లో దొరుకుతుంది. తెగిన సరఫరాలు తిరిగి అతుక్కున్నాయి, ఇంధన ధరలు తగ్గాయి, అంటే సరఫరా దెబ్బ గడి వెనక్కి తిరిగింది. దీర్ఘకాల అంచనాలు 1970ల్లోలా చెదరలేదు కాబట్టి ఎగదోసే వలయం పెద్దగా తిరగలేదు. మిగిలిన కొంత కోసం పక్కన పెట్టిన కట్ట విప్పి బెవరిడ్జ్ రేఖ స్లైడు బయటికి తీయండి. 2022లో సంస్థల దగ్గర ఖాళీ ఉద్యోగాలు అసాధారణంగా ఎక్కువున్నాయి. ఖర్చు మందగించినప్పుడు అవి ఉన్నవాళ్లను తీసేయకుండా, కొత్తవాళ్ల కోసం వేసిన ప్రకటనలను వెనక్కి తీసుకున్నాయి. జీతాల ఒత్తిడి తగ్గింది, నిరుద్యోగం దాదాపు కదలలేదు. ఈ మూడు కారణాల్లో దేని వాటా ఎంతన్న దానిపై ఆర్థికవేత్తల మధ్య వాదన ఉంది. కాబట్టి ఉత్పత్తి నుంచి "ఖాళీ ఉద్యోగాలు" అనే గడికి కూడిక, అక్కడి నుంచి ద్రవ్యోల్బణానికి మరో కూడిక గీయండి. కానీ చుక్కల గీతతో గీసి, మీద ఈ షరతు రాయండి: "ఖాళీలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు."